నొప్పి లేని మెడగడ్డ

కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ల కడుతుంది. పంటికి చీము పడితే దవడ కింద బిళ్ల తేలుతుంది. ముట్టుకుంటే సలుపుతుంది, అసలు బాధ తగ్గగానే అదీ కరిగిపోతుంది. ఈ బిళ్లలు లింఫ్ గ్రంథులు. ఒంట్లోకి చొరబడిన సూక్ష్మజీవులను అడ్డుకునేవి అవే. మెడలో వచ్చే టీబీ గడ్డ కూడా ఈ గ్రంథుల వాపే గానీ దాని తీరు వేరు. అది సలపదు, ఎర్రబడదు, వేడిగా ఉండదు, నెలల తరబడి మెల్లగా పెరుగుతుంది. నొప్పి ఉంటే మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లేవాళ్లు, నొప్పి లేకపోవడం వల్లే నెలలు జారవిడుచుకుంటారు.

ఊరు విడిచి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటూ చదువుకుంటున్న ఇరవై రెండేళ్ల అమ్మాయిని ఊహించుకుందాం. తల దువ్వుకుంటుంటే మెడకు కుడిపక్కన చిన్న గడ్డ చేతికి తగిలింది. "నొప్పి లేదుగా, అదే పోతుందిలే" అంది అమ్మ ఫోన్‌లో. మూడు నెలలకు అది మూడు సెంటీమీటర్లయింది. పక్కన ఇంకో రెండు పుట్టి, మూడూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. దగ్గు లేదు, చెప్పుకోదగ్గ జ్వరమూ లేదు, ఆకలి మాత్రం కాస్త తగ్గింది. మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వాడినా తేడా కనిపించలేదు. ఇక్కడొక చిక్కుంది. లీవోఫ్లాక్సాసిన్ లాంటి కొన్ని మామూలు యాంటీబయాటిక్‌లకు టీబీ క్రిమి మీద కూడా కొంత పట్టు ఉంటుంది. అవి వాడితే గడ్డ కొన్నాళ్లు తగ్గినట్టే ఉండి, అసలు రోగం మరుగున పడిపోతుంది. రెండు వారాలు దాటినా తగ్గని, నొప్పి లేని గడ్డకు మందు మార్చి చూడటం కన్నా సూది పరీక్ష చేయించుకోవడమే మేలు.

ఎఫ్‌ఎన్‌ఏసీ అనే ఈ పరీక్ష పేరు వింటే భయపడతారు గానీ, అది రక్తం తీసినంత పనే. పడుకోబెట్టి, చర్మం తుడిచి, సన్నని సూదిని గడ్డలోకి దింపి కొద్ది క్షణాలు ముందుకీ వెనక్కీ కదుపుతారు. లోపలి కణాలు సూదిలోకి వస్తాయి. సూది గుచ్చితే రోగం పాకిపోతుందన్న భయానికి ఆధారం లేదు. కత్తితో గడ్డ కోసి చీము తీయించుకోవడమే ప్రమాదం. అలా కోసిన చోట మానని రంధ్రం పడి, నెలల తరబడి చీము కారుతూ ఉండవచ్చు.

తీసిన దానిలో కొంత గాజు పలకల మీద పూసి మైక్రోస్కోపు కింద చూస్తారు. టీబీ అయితే క్రిమిని చుట్టుముట్టిన రక్షణ కణాల గుంపులు, వాటి మధ్య జున్నులా మెత్తబడి చచ్చిపోయిన కణజాలం కనిపిస్తాయి. క్రిమి మాత్రం చాలాసార్లు కనబడదు. ఊపిరితిత్తుల టీబీలో కళ్లెలో క్రిములు విస్తారంగా ఉండవచ్చు, గ్రంథిలో అవి బహు తక్కువ. కాబట్టి రిపోర్టులో క్రిమి లేదని రాసినంత మాత్రాన టీబీ లేదని అర్థం కాదు. అందుకే మిగతా భాగాన్ని సీబీనాట్, ట్రూనాట్ వంటి జన్యు పరీక్షలకు పంపాలి. ఇవి కొన్ని గంటల్లోనే క్రిమి ఆచూకీ చెబుతాయి, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు అది లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. క్రిమిని పెంచి చూసే కల్చర్‌కు ఆరు వారాల దాకా పట్టవచ్చు. సూదితో తేలక గ్రంథినే తీసి పరీక్షించాల్సి వస్తే, ముక్కనంతా ఫార్మలిన్‌లో వేయకుండా కొంత సెలైన్‌లో ఉంచమని అడగండి. ఫార్మలిన్‌లో క్రిమి చచ్చిపోతుంది, ఇక కల్చర్ చేయడానికి వీలుండదు.

సూదికీ పరిమితులున్నాయి. లింఫోమా అనే గ్రంథుల క్యాన్సర్‌ను సూదితో పూర్తిగా తేల్చడం కష్టం, దానికి బయాప్సీ కావాలి. ఏళ్లుగా గుట్కా, ఖైనీ నమిలిన నడివయసు మనిషి మెడలో రాయిలా గట్టి గడ్డ తగిలితే టీబీ కన్నా ముందు నోటి, గొంతు క్యాన్సర్ కోసం వెతకాలి. పరీక్ష లేకుండా అందాజుగా టీబీ మాత్రలు మొదలుపెట్టకూడదనడానికి కారణం ఇదే.

మన అమ్మాయికి జన్యు పరీక్షలో టీబీ అని తేలింది, క్రిమి రిఫాంపిసిన్‌కు లొంగేదే. ఛాతీ ఎక్స్‌రే బాగుంది. ఊపిరితిత్తుల్లో జబ్బు లేనప్పుడు మెడ గ్రంథిలోని టీబీ మాటతోనో దగ్గుతోనో ఎదుటివారికి అంటదు. కంచం, గ్లాసు వేరు చేయనక్కర్లేదు, హాస్టల్ ఖాళీ చేయనక్కర్లేదు. హెచ్‌ఐవీ, షుగరు, కాలేయ పరీక్షలు చేసి, పేరు నిక్షయ్‌లో నమోదు చేసి, బరువును బట్టి మాత్రలు ఇచ్చారు. రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు, రోజూ వేసుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో ఇవన్నీ ఉచితం. తిండి కోసం నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. మర్నాడు మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తే అది రక్తం కాదు, రిఫాంపిసిన్ రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా మాత్రం ఆ రోజే డాక్టరుకు చూపించాలి. గర్భనిరోధక మాత్రలు వాడేవారు ఆ మాట ముందే చెప్పాలి, రిఫాంపిసిన్ వాటి పని చెడగొడుతుంది.

ఇంతకాలం మందులెందుకు? పేగుల్లో ఉండే మామూలు బ్యాక్టీరియా అనువైన చోట ఇరవై నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. టీబీ క్రిమికి దాదాపు ఇరవై గంటలు కావాలి. పైగా దాని గోడ మైనం వంటి కొవ్వుతో కట్టింది. ఐసోనియాజిడ్ లాంటి మందు ఆ గోడ కట్టే పనిని దెబ్బతీస్తుంది, కాబట్టి చురుగ్గా పెరుగుతున్న క్రిములను మొదటి రోజుల్లోనే పెద్ద ఎత్తున చంపేస్తుంది. కానీ గ్రంథి మధ్యలోని ఆ చచ్చిన కణజాలానికి రక్తనాళాలు ఉండవు, ఆక్సిజన్ అందదు. అక్కడి క్రిములు పెరగకుండా నిద్రలో ఉంటాయి. వాటిని మట్టుబెట్టడానికి రిఫాంపిసిన్, పైరజినమైడ్ ఉన్నాయి గానీ, ఆ పని నెమ్మదిగానే సాగుతుంది. రెండో నెలలో గడ్డ కరిగిందని మాత్రలు మానేస్తే మిగిలిన క్రిములు మళ్లీ లేస్తాయి. అసలీ ఆరు నెలలే మేలు. రిఫాంపిసిన్ రాకముందు ఏడాదిన్నర మింగాల్సి వచ్చేది. చెన్నైలోని టీబీ పరిశోధన కేంద్రం గ్రంథుల టీబీ మీద ప్రత్యేకంగా పరీక్షలు జరిపి, వాటికీ ఆరు నెలలు సరిపోతాయని చూపించింది.

మూడో నెలలో అమ్మాయి బెంబేలెత్తింది. తగ్గుముఖం పట్టిన గడ్డ మళ్లీ ఉబ్బింది, ఎడమ పక్కన ఇంకొకటి తేలింది. ఇది చాలామందిలో జరిగేదే. చచ్చిన క్రిముల అవశేషాల మీద ఒంట్లోని రక్షణ వ్యవస్థ విరుచుకుపడటం వల్ల ఈ వాపు వస్తుంది. అలాగని ఊరికే వదిలేయకూడదు. మాత్రలు మానలేదని నిర్ధారించుకుని, డాక్టరు సూదితో చీము లాగి కల్చర్‌కు పంపారు. ఈ దశలో జన్యు పరీక్ష ఒక్కటే నమ్ముకోలేం, చచ్చిన క్రిమి జన్యువును చూసి కూడా అది ఉందనే చెప్పగలదు. కల్చర్‌లో ఏమీ పెరగలేదు. మందులు అవే కొనసాగాయి, వాపు దిగిపోయింది.

ఆరు నెలలు పూర్తయ్యేసరికి ఎనిమిది మిల్లీమీటర్ల గట్టి గింజ ఒకటి మిగిలింది. ఇంకో మూడు నెలలు మందులు పొడిగించమని అమ్మ బతిమాలింది. అవసరం లేదన్నారు డాక్టరు. సెంటీమీటరు లోపు మిగిలేది చాలామటుకు మచ్చే. దాని కొలత కార్డులో రాసి, రెండేళ్ల పాటు ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నారు. పెరిగితే ఆ గడువు దాకా ఆగకూడదు. మళ్లీ సూది పరీక్ష చేశాకే మాత్రల సంగతి.