ఒక్క పాజిటివ్ చీటీ ఎంత చెబుతుంది?



ఈ మధ్య మా అక్క కూతురు తన ఫోన్‌తో లెక్కల పుస్తకంలోని ఒక పేజీని ఫోటో తీసి నాకు పంపించింది. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఫోటో కొంచెం వంకరగా ఉంది, పేజీ మూల చీకటిగా ఉంది, అయినా లెక్క చదవడానికి వీలుగానే ఉంది. కింద "పిన్నీ, ఇది మీ ఆసుపత్రి లెక్క. జవాబు 99 శాతం అని రాస్తే సున్నా వేశారు. ఎందుకో చెప్పు" అని రాసింది.

లెక్క ఇది: ఒక ప్రాంతంలో ప్రతి 1000 మందిలో 5 మందికి హెచ్.ఐ.వి. ఉంది. ఒక రక్త పరీక్ష, హెచ్.ఐ.వి. ఉన్న 100 మందిలో 99 మందికి పాజిటివ్ అని సరిగ్గా చూపుతుంది. హెచ్.ఐ.వి. లేని 100 మందిలో కూడా ఇద్దరికి పొరపాటున పాజిటివ్ అని చూపుతుంది. ఆ ప్రాంతంలో ఎవరో ఒకరికి పరీక్ష చేస్తే పాజిటివ్ వచ్చింది. ఆ మనిషికి నిజంగా హెచ్.ఐ.వి. ఉండే సంభావ్యత ఎంత?

మీరైతే ఏమంటారు? చాలామంది 99 శాతం అనే అంటారు. నర్సు ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అలాగే అనుకునేదాన్ని. అలా అనుకోవడం వల్ల ఒక ఇంట్లో ఏం జరిగిందో తర్వాత చెబుతాను. ముందు లెక్క చేద్దాం.

మనుషులను లెక్కపెడదాం

శాతాలతో తికమక పడకుండా 20,000 మందిని ఊహించుకుందాం. వెయ్యికి 5 మంది చొప్పున వీరిలో 100 మందికి హెచ్.ఐ.వి. ఉంటుంది. మిగిలిన 19,900 మందికి ఉండదు. ఇప్పుడు అందరికీ పరీక్ష చేద్దాం.

హెచ్.ఐ.వి. ఉన్న 100 మందిలో 99 మందికి పాజిటివ్ వస్తుంది. ఒకరిని పరీక్ష పట్టుకోలేదు.

హెచ్.ఐ.వి. లేని 19,900 మందిలో నూటికి ఇద్దరు చొప్పున 398 మందికి పాజిటివ్ వస్తుంది. వీళ్ళంతా ఆరోగ్యవంతులే.

పాజిటివ్ చీటీ పట్టుకుని బయటికి వచ్చినవారు మొత్తం 99 + 398 = 497 మంది. ఇందులో నిజంగా వ్యాధి ఉన్నవారు 99 మంది. అంటే సుమారు 20 శాతం, ఐదుగురిలో ఒకరు. మిగిలిన నలుగురికీ హెచ్.ఐ.వి. లేదు.

పరీక్ష చెడ్డది కాదు. లేనివారిలో తప్పు నూటికి రెండే. కానీ లేనివారి గుంపు చాలా పెద్దది. పెద్ద గుంపులో రెండు శాతం, చిన్న గుంపులో తొంభైతొమ్మిది శాతం కన్నా ఎక్కువైపోయింది. ఇదే ఈ లెక్కలోని కిటుకు.

మా అమ్మాయి ఎక్కడ పొరబడింది?

"హెచ్.ఐ.వి. ఉంటే పాజిటివ్ వచ్చే అవకాశం ఎంత" అన్నది ఒక ప్రశ్న. దీని జవాబు 99 శాతం. "పాజిటివ్ వస్తే హెచ్.ఐ.వి. ఉండే అవకాశం ఎంత" అన్నది వేరే ప్రశ్న. దీని జవాబు 20 శాతం. మాటలు అవే, వరుస తిరగబడింది. మలేరియా జ్వరం వచ్చినవారిలో చాలామందికి చలి వస్తుంది, కానీ చలి వచ్చిన ప్రతివారికీ మలేరియా ఉందని అనం కదా!

ఒక సంగతి తెలిసిన తర్వాత ఇంకో సంగతికి ఉండే అవకాశాన్ని పుస్తకంలో నియత సంభావ్యత అంటారు. ఏది ముందు తెలిసింది, ఏది తెలుసుకోవాలి అని విడివిడిగా రాసుకుంటే సగం లెక్క అయిపోయినట్టే.

మిగతా సగం సంపూర్ణ సంభావ్యత. చెరువులోకి రెండు కాలువల నీళ్ళు వస్తే మొత్తం నీళ్ళు తెలియడానికి రెండింటినీ కలపాలి. పాజిటివ్ చీటీలు కూడా రెండు దారుల్లో వస్తాయి, వ్యాధి ఉన్నవారి నుంచి, లేనివారి నుంచి. పరీక్ష పేజీలో ఇలా రాయాలి:

P(పాజిటివ్) = 0.005 × 0.99 + 0.995 × 0.02 = 0.00495 + 0.01990 = 0.02485

P(వ్యాధి | పాజిటివ్) = 0.00495 ÷ 0.02485 = 0.199

అదే పేజీలో కింది లెక్క మూడు యంత్రాలు బోల్టులు చేసే ఫ్యాక్టరీది. పాడైన బోల్టు దొరికితే అది ఏ యంత్రానిది అని అడుగుతారు. అక్కడ కాలువలు మూడు, అంతే తేడా. పద్ధతి ఒకటే.

ఇలా ఫలితం నుంచి కారణం వైపు వెనక్కి నడిచే పద్ధతిని బేయస్ సిద్ధాంతం అంటారు. థామస్ బేయస్ ఇంగ్లండులో ఒక చర్చి పాదిరి. ఆయన 1761లో చనిపోయారు. ఆయన రాసి ఉంచిన ఈ వ్యాసాన్ని స్నేహితుడు రిచర్డ్ ప్రైస్ వెలుగులోకి తెచ్చారు. ఆయన కూడా పాదిరే. అది 1763లో అచ్చయింది.

ఒక ఇంట్లో జరిగింది

చాలా ఏళ్ళ కిందట ఒక గర్భిణి అత్తగారితో కలిసి మా దగ్గరికి వచ్చింది. ఆమెను గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చి చెబుతున్నాను. అంతకు వారం ముందు వేరే చోట ఒక ల్యాబులో ఒక్క పరీక్ష చేసి, చీటీ మీద పాజిటివ్ అని రాసి, అత్తగారి చేతికే ఇచ్చారు. ఆ సాయంత్రమే అమ్మాయిని పుట్టింటికి పంపేశారు. ఆమె తిన్న కంచం కూడా బయట పడేశారు. చివరికి తండ్రి బతిమాలితే, ఇంకొకసారి చూపిద్దామని అత్తగారు వచ్చింది.

రక్తం మళ్ళీ తీసుకుని పద్ధతి ప్రకారం పరీక్షించారు. హెచ్.ఐ.వి. లేదని తేలింది. ఆ అమ్మాయి ఏడవలేదు. "అక్కా, ఇప్పుడు ఈ కాగితం చూపిస్తే ఊళ్ళో నమ్ముతారా?" అని అడిగింది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆమె చేతిలో ఉన్న మొదటి చీటీ ఐదింట ఒకటి మాత్రమే చెప్పే చీటీ అని అప్పటికి నాకూ తెలియదు.

తప్పుడు పాజిటివ్ ఎందుకు వస్తుంది? ఈ పరీక్షలు ముఖ్యంగా రక్తంలోని ప్రతిరక్షకాలను వెదుకుతాయి. వేరే కారణం వల్ల పుట్టిన ప్రతిరక్షకాలు ఒక్కోసారి కిట్టులోని పదార్థానికి అంటుకుని గీత చూపిస్తాయి. చెప్పిన సమయం దాటిన తర్వాత కిట్టును చదివినా, రక్తం సీసాల పేర్లు తారుమారైనా తప్పు జరుగుతుంది.

రెండో పరీక్ష, మూడో పరీక్ష ఎందుకు?

మళ్ళీ మన 497 మంది దగ్గరికి వద్దాం. వీరందరికీ వేరే రకం కిట్టుతో రెండో పరీక్ష చేద్దాం. అదీ అంతే నాణ్యమైనది అనుకుందాం. నిజంగా వ్యాధి ఉన్న 99 మందిలో 98 మందికి మళ్ళీ పాజిటివ్ వస్తుంది. లేని 398 మందిలో నూటికి ఇద్దరు చొప్పున సుమారు 8 మందికి వస్తుంది. ఇప్పుడు పాజిటివ్‌లు 106, అందులో నిజమైనవి 98. సుమారు 92 శాతం. మూడో రకం కిట్టుతో ఇంకోసారి చేస్తే 99 శాతం దాటిపోతుంది.

మన దేశంలో నాకో నియమాల ప్రకారం, ఏ లక్షణాలూ లేని మనిషికి హెచ్.ఐ.వి. ఉందని చెప్పాలంటే మూడు వేర్వేరు పరీక్షల్లోనూ పాజిటివ్ రావాలి. దానికి కారణం ఈ లెక్కే.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. మూడూ వేర్వేరు రకాల కిట్లు కావాలి. ఒకే కిట్టుతో మూడుసార్లు చేస్తే, మొదటిసారి పొరపాటున అంటుకున్నది మూడోసారి కూడా అంటుకోవచ్చు. అప్పుడు మన గుణకారం చెల్లదు.

ఇంకో మాట. ఇప్పటి మంచి కిట్లలో తప్పుడు పాజిటివ్‌లు నూటికి రెండు కన్నా తక్కువగానే ఉండవచ్చు. అది వెయ్యికి 2 అనుకున్నా, మన 20,000 మందిలో సుమారు 40 తప్పుడు పాజిటివ్‌లు వస్తాయి. అప్పుడు 139లో 99 నిజమైనవి, అంటే 71 శాతం. ఒక్క పరీక్షతో కాపురం తేల్చకూడదు.

ఎవరికి చేశామన్నదీ ముఖ్యమే

హెచ్.ఐ.వి. ఉన్నవారి జీవిత భాగస్వాములు 1000 మందిని పరీక్షించామనుకోండి. వారిలో 200 మందికి ఉందని లెక్క కోసం అనుకుందాం. పాజిటివ్ వచ్చేవారు 198 మంది. లేని 800 మందిలో తప్పుడు పాజిటివ్‌లు 16. మొత్తం 214లో 198 నిజం, సుమారు 92 శాతం. పరీక్ష మారలేదు, పరీక్షించిన మనుషులు మారారు.

ఈ 92 ఇంతకు ముందు కూడా వచ్చింది, గమనించారా? మొదటి పరీక్ష తర్వాత 20 శాతం దగ్గర ఆగాం, రెండో పరీక్ష అక్కడి నుంచే మొదలైంది. ఇక్కడ మొదలే 20 శాతం. అందుకే కౌన్సెలర్ పరీక్షకు ముందు మిమ్మల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతారు. అవి మీ గుట్టు లాగడానికి కాదు. చీటీని సరిగ్గా చదవడానికి ఆ జవాబులు కావాలి.

నెగెటివ్ వస్తే?

మన 20,000 మందిలో నెగెటివ్ వచ్చినవారు 19,503. వారిలో వ్యాధి ఉన్నది ఒక్కరికే. కాబట్టి నెగెటివ్‌ను చాలావరకు నమ్మవచ్చు. అయితే వైరస్ సోకిన కొత్తలో కొన్ని వారాల పాటు పరీక్షకు దొరకదు. అనుమానం కలిగించే సంఘటన ఈమధ్యే జరిగి ఉంటే, నెగెటివ్ వచ్చినా మూడు నెలలకు మళ్ళీ చేయించుకోండి.

గుర్తుంచుకోండి

• ఒక్క పరీక్ష పాజిటివ్ అంటే ఇంకా పరీక్షించాలి అని అర్థం. తీర్పు అని కాదు. అలాగని పారేసి ఊరుకోకండి. ఐదుగురిలో ఆ ఒక్కరు మీరే కావచ్చు.

• ప్రభుత్వ ఐ.సి.టి.సి. కేంద్రంలో పరీక్షలు, సలహా ఉచితం. ఉందని తేలితే ఎ.ఆర్.టి. మందులూ ఉచితం. గర్భిణి సమయానికి మందులు వాడితే బిడ్డకు సోకే ప్రమాదం చాలా తగ్గుతుంది.

• కలిసి తిన్నా, ఒకే కంచం వాడినా హెచ్.ఐ.వి. సోకదు.

• మీ ఫలితం మీదే. 2017 నాటి చట్టం ప్రకారం మీ అంగీకారంతోనే పరీక్ష చేయాలి, ఫలితాన్ని రహస్యంగా ఉంచాలి. సందేహాలకు 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మా అమ్మాయికి ఈ లెక్కంతా కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపాను. "20 శాతమేనా పిన్నీ! మరి ఆ మిగతా నలుగురూ?" అని అడిగింది. ఆ నలుగురి కోసమే ఈ వ్యాసం రాశాను.