మూలలు కాయాలా, వలయం కట్టాలా?

పదకొండు నిలువు, పదకొండు అడ్డు గళ్ళున్న పలక. నడి గడిలో రాజు, అతన్ని ఆనుకుని 12 మంది బంట్లు. పలక నాలుగు అంచుల మధ్యలో ఆరేసి చొప్పున 24 శత్రు కాయలు. రాజు నాలుగు మూలల్లో ఏ ఒక్కటి చేరినా ఆట అతనిదే. చేరేలోగా శత్రువులు అతన్ని చుట్టుముడితే వాళ్ళది. ఒక పక్షానికి రెట్టింపు బలం, ఇంకో పక్షానికి పారిపోవడానికి నాలుగు దారులు. ఉత్తర ఐరోపాలో వైకింగుల కాలంలో ఆడిన హ్నెఫటాఫ్ల్ అనే ఆటకు ఇప్పుడు ఎక్కువగా ఆడుతున్న రూపం ఇది. దీని నియమాలను కోపెన్‌హేగన్ నియమాలంటారు.

ఈ కుటుంబంలోని ఆటల నియమాలు పాత రాతల్లో పూర్తిగా ఎక్కడా లేవు. ఉన్నవాటిలో అన్నిటికన్నా వివరంగా రాసిపెట్టినవాడు స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ లినేయస్. 1732లో లాప్‌లాండ్‌లో మొక్కల కోసం తిరుగుతూ, అక్కడి సామీ ప్రజలు ఆడుతున్న తాబ్లుత్ అనే ఆటను చూసి దినచర్యలో బొమ్మతో సహా రాసుకున్నాడు. అది 9 గళ్ళ పలక మీద ఆట. అందులో రాజు పలక అంచును ఎక్కడ తాకినా గెలిచినట్టే. రాజుకు అంచు దాకా ఒక దారి తెరుచుకుంటే ‘రాయిచి’ అనీ, రెండు దారులు తెరుచుకుంటే ‘తుయిచు’ అనీ ఆడేవాడు పైకి చెప్పాలట. రెండోది వినగానే ఎదుటివాడికి ఆట అయిపోయినట్టే, ఎందుకంటే ఒక్క ఎత్తులో రెండు దారులు మూయలేడు. ఐర్లండ్‌లోని బాలిండెరీలో 1932లో 7 వరుసల రంధ్రాలున్న చెక్క పలక దొరికింది. దాని నడిమి రంధ్రానికీ నాలుగు మూలలకూ ప్రత్యేకంగా గుర్తులు చెక్కి ఉన్నాయి. రాజు మూలకు పారిపోయే పద్ధతి పాతదేనని అనుకోవడానికి ఆటగాళ్ళు చూపించే ఆధారాల్లో అదొకటి.

రెండు పక్షాలకూ రెండు రకాల బలం, రెండు రకాల లక్ష్యం ఉండటం మనకు కొత్తేమీ కాదు. గుడి మండపాల బండల మీద గీసుకుని ఆడిన పులిజూదంలో మూడు పులులకు పదిహేను మేకలు ఎదురు. అయితే అక్కడ మేకలు పులిని చంపలేవు, కదలకుండా కట్టేయగలవంతే. ఇక్కడ రెండు పక్షాలూ చంపగలవు. అందుకే కట్టడి వేయడం ఒక విద్య అయితే, వేసిన కట్టడిని పోగొట్టుకోకుండా ఉంచుకోవడం ఇంకో విద్య.

నియమాలు కొద్దిపాటివే. అన్ని కాయలూ చదరంగంలో ఏనుగులాగే నిలువుగానో అడ్డంగానో ఎంత దూరమైనా జరుగుతాయి, దేన్నీ దాటి దూకవు. మొదటి ఎత్తు ముట్టడించేవాళ్ళది. శత్రుకాయకు రెండు ఎదురెదురు పక్కల మన కాయలు పడితే అది చస్తుంది. తానే వచ్చి రెండు శత్రుకాయల మధ్య నిలబడితే మాత్రం చావదు. రాజును పట్టాలంటే నాలుగు పక్కలా మూయాలి. అంచు మీద నిలిచిన రాజుకు నాలుగో పక్కే ఉండదు కాబట్టి అక్కడ అతన్ని ఒంటరిగా పట్టలేరు. మూల గడిలోకి రాజు తప్ప ఎవరూ వెళ్ళకూడదు. ఖాళీగా ఉన్న ఆ గడి మాత్రం ఎవరి కాయకైనా శత్రువుగా లెక్క: మూలను ఆనుకుని నిలిచిన కాయను అవతలి వైపు నుంచి ఒక్క కాయతోనే చంపేయవచ్చు.

మూల కాపలాలో ఉన్న చిక్కంతా ఈ చివరి నియమంలోనే ఉంది. గళ్ళకు పేర్లు పెట్టుకుందాం: ఎడమ నుంచి ఎన్నో నిలువు, కింది నుంచి ఎన్నో అడ్డు అనే లెక్కన ఎడమ కింది మూల 1-1. దీన్ని మూయడానికి కొత్తగా ఆడేవాళ్ళకు తోచేది దాని పక్కనే ఉన్న 2-1, 1-2 గళ్ళలో రెండు కాయలు పెట్టడం. దారి మూసినట్టే కనిపిస్తుంది. కానీ రాజు బంటు ఒకడు 3-1కి వచ్చాడంటే 2-1లో ఉన్న కాయ అతనికీ మూలకూ మధ్య నలిగి చస్తుంది.

సరైన కాపలాకు మూడు కాయలు కావాలి: 3-1, 2-2, 1-3. మూల నుంచి కాస్త ఎడంగా, ఏటవాలుగా. ఇవి నిలిచాక మూల పక్కనున్న రెండు గళ్ళకూ బయటి నుంచి దారి ఉండదు. కిందివరుస వెంట వస్తే 3-1 అడ్డు, రెండో నిలువు వెంట దిగితే 2-2 అడ్డు. ఇంకా గొప్ప సంగతి, ఈ మూడింటినీ చంపడం కుదరదు. 2-2ను చంపాలంటే ఒక బంటు 1-2లోనో 2-1లోనో ఉండాలి, అక్కడికి ఎవరూ రాలేరు. 3-1కీ 1-3కీ అంతే. వీటిని పెట్టడానికి తొలి అమరికే సాయం చేస్తుంది. 6-2లో ముందుకు నిలిచిన కాయ ఒక్క ఎత్తులో రెండో వరుస వెంట జారి 2-2 చేరుతుంది. 4-1లోది ఒక గడి జరిగితే 3-1, 1-4లోది ఒక గడి దిగితే 1-3. మూడు ఎత్తుల్లో మూల మూసుకుపోయింది.

ఇదే నాలుగు మూలలకూ చేస్తే పన్నెండు ఎత్తులు, పన్నెండు కాయలు. రాజు ఇక మూల చేరలేడు. అయినా ముట్టడించేవాళ్ళు గెలవలేదు. సగం సైన్యం మూలల్లో కదలకుండా కూర్చుంది. ఈలోగా రాజు పక్షానికీ దాదాపు అన్ని ఎత్తులూ దొరికాయి. వాళ్ళు నడుమనున్న గళ్ళన్నీ ఆక్రమించి, మిగిలిన పన్నెండు కాయలను ఒక్కొక్కటిగా వేటాడతారు. నాలుగు మూలలూ ముందే బిగించేసే పద్ధతి నాకు అందుకే నచ్చదు. మూలకు ఒక్కో కాయను దగ్గరగా ఉంచి, రాజు ఏ వైపు మొగ్గితే ఆ వైపు మిగతా రెండూ పూర్తి చేసుకోవడం మేలు.

గెలుపు అసలు వలయంలో ఉంది. రాజునూ మిగిలిన బంట్లందరినీ సందు లేని వలయంలో బంధిస్తే, రాజును పట్టకపోయినా ముట్టడించినవాళ్ళు గెలిచినట్టే అని కోపెన్‌హేగన్ నియమం. ఆ వలయం ఏటవాలు గీతలతోనే కట్టాలి. ఏ కాయా ఏటవాలుగా నడవదు కాబట్టి మూలమూలా తాకుతూ నిలిచిన రెండు కాయల మధ్య నుంచి ఎవరూ జారిపోలేరు. పైగా ఏటవాలు గీతలోని ప్రతి కాయకూ ఎదురెదురు పక్కలు రెండూ తీసుకుంటే ఒకటి వలయానికి లోపల, ఒకటి బయట. శత్రువులందరూ లోపలే ఉన్నంతకాలం బయటి పక్కకు వచ్చి నొక్కేవాడు ఉండడు, కాయ చావదు.

లెక్క కూడా ఏటవాలు వైపే ఉంది. నాలుగు అంచుల నడి గళ్ళను తాకే వజ్రం ఆకారంలో వలయం కడితే సరిగ్గా 20 కాయలు పడతాయి, లోపల 41 గళ్ళు మిగులుతాయి. రెండు అంచుల మధ్య గీత 6-1, 5-2, 4-3, 3-4, 2-5, 1-6 అలా సాగుతుంది. అదే మూల కాపలాల మూడేసి కాయలను అంచుల వెంట తిన్నగా కలుపుకుంటూ వలయం కట్టాలంటే 32 కావాలి, ఉన్నవే 24. పెద్ద వజ్రానికి నాలుగు కాయలే మిగులు. ఆట మొదట్లో ముట్టడించేవాళ్ళు ఐదో కాయను పోగొట్టుకున్నారంటే ఆ వజ్రం ఇక లేనట్టే. అప్పుడు 16 కాయలతో ఒక గడి లోపలికి బిగించిన వజ్రం కట్టాలి. దానికి రాజు పక్షం ముందే ఇరుకులో ఉండాలి.

రాజు పక్షం ఆడేవాళ్ళు దీన్నుంచి నేర్చుకునేది ఒకటుంది. వలయం పూర్తి కాకముందే ఒక బంటును బయట ఉంచాలి. వాడు బయట ఉన్నంతసేపు వలయం చెల్లదు. పైగా లోపలి బంటుతో కలిసి గీతలోని కాయలను రెండు వైపుల నుంచీ నొక్కగలడు. వజ్రం మొత్తం నిలిచి ఉందనుకోండి. లోపల ఒక బంటు 5-3లో ఉన్నాడు, రాజు 4-4లో ఉన్నాడు. బయటి బంటు 3-3కి జారాడు. మధ్యలో 4-3 కాయ చచ్చింది, గీత తెగింది. ముట్టడించేవాళ్ళకు మిగులు కాయ ఒకటి దగ్గర్లో ఉంటే నాలుగో నిలువును వెంటనే మూయాలి. లేకపోతే రాజు 4-4 నుంచి నేరుగా 4-1కి దిగుతాడు. అంచు మీద ఉన్నాడు కాబట్టి ఒంటరిగా పట్టలేరు, ఎడమకు మూల దాకా దారి ఖాళీ.

ఇప్పుడు అడ్డుపడగల కాయ వలయంలో ఒక్కటే, 2-5లోది. 3-4 కాయ దిగుదామంటే 3-3లో శత్రు బంటు అడ్డు. 6-1 కాయ ఎడమకు జరుగుదామంటే రాజే అడ్డు. 2-5 కాయ రెండో నిలువు వెంట జారి 2-1 చేరి మూలను మూస్తుంది. కానీ అది నిలిచింది మూల పక్కన. 3-3 బంటు 3-1కి దిగి, మూల తోడుతో దాన్ని చంపేస్తాడు. తన బంటే దారిలో ఉన్నాడు కాబట్టి రాజు అదే ఎత్తులో గెలవడు, అయినా వలయంలో రెండు చోట్ల కన్నం పడింది. ముట్టడించేవాళ్ళ మిగులు కాయ ఒకటి ముందే 3-1లో ఉండి ఉంటే రాజు 4-1కి దిగినా మూల అతనికి కనపడేదే కాదు. మూల కాపలాకు మూడు కాయలూ అక్కర్లేని సందర్భం ఇది. వలయం దగ్గరున్న వైపు ఒక్కటి చాలు, అదీ మూలను ఆనుకోకుండా.

మూలలన్నీ మూసేసిన ప్రత్యర్థి మీద రాజు పక్షానికి మరో దారి ఉంది. రాజు అంచు మీద నిలబడి, చుట్టూ తన బంట్లతో శత్రువు ఎన్ని ఎత్తులు వేసినా బద్దలు కొట్టలేని కోట కట్టుకుని, లోపల కదలడానికి ఒక్క గడి మిగుల్చుకుంటే గెలిచినట్టే. ఆ నియమం వల్లనే ముట్టడించేవాళ్ళు మూలలు మూసి ఊరుకోలేరు. రాజు బంట్లు ఇద్దరు ముగ్గురు ఒక అంచు దగ్గర గుంపు కడుతున్నారంటే కోటకు పునాది పడుతోందని గుర్తించి, గుంపు పూర్తయ్యేలోపే అందులో ఒకడినైనా చంపాలి.