మోతీ గల్లీలో ఇల్లు దొరికిన వైనం

చార్మినార్ దగ్గర ఆటో దిగిన కవిత నల్గొండ మనిషి, పాతబస్తీకి కొత్త. చేతిలో చీటీ: ఇరవైతో మొదలయ్యే ఇంటి నంబరు, మోతీ గల్లీ. హైదరాబాద్ పాత నంబర్లలో మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. అన్నదమ్ములు వాటాలు పంచుకున్నకొద్దీ వెనక బై నంబర్లు చేరతాయి. పోస్ట్‌మ్యాన్‌కు తప్ప కొత్తవాళ్లకు దాంతో ఒరిగేది తక్కువే.

లాడ్ బజార్ గాజులాయన చీటీ చూడనేలేదు. "ఎవరింటికి పోవాలమ్మా?"

"మగ్గం పని చేసే పెద్దాయన ఇంటికన్నా."

"ఎడమకు తిరుగు. అత్తరు దుకాణం వస్తది, అక్కడ అడుగు."

తెలిసిన దుకాణదారు అంతే, తనెరిగిన మలుపు దాకే చెబుతాడు. దారినపోయే కుర్రాడొకడు మాత్రం చెయ్యైనా ఎత్తకుండా "సీదా పో అక్కా" అనేశాడు. అలా చెప్పినవాళ్లను నమ్మకపోవడమే మేలు. ఆ సందు గోడ దగ్గర ఆగిపోయింది.

వెనక్కొచ్చి అడిగితే అత్తరాయన కిరాణా కొట్టుకు పంపాడు. ఉద్దెర ఖాతా రాసే కొట్టుకు తెలియని ఇల్లు గల్లీలో ఉండదు.

"చాచా ఇల్లా? పచ్చ తలుపు, పక్కనే బోరింగు. గట్టిగ పిలువమ్మా, పనిల ఉంటే ఇనపడదు."