రెండు గ్రైండర్లు, ఎనిమిది వందల రివ్యూలు

రెండు లీటర్ల టేబుల్ టాప్ గ్రైండర్లు రెండింటిని పోల్చి వ్యాసం రాయాలనుకుందాం. మొదటిదానికి 4.2 స్టార్లు, రెండోదానికి 4.0. చెరో 400 రివ్యూలు. స్టార్లు చూసి మొదటిదే మేలని రాసేయొచ్చు. కానీ పెట్టె విప్పిన రోజే అయిదు స్టార్లు ఇచ్చినవాళ్లు ఇంకా పప్పు కూడా నానబెట్టలేదు కదా!

అందుకే ముందు జల్లెడ పట్టాలి. 'సూపర్', 'బాగుంది' అని ఊరుకున్నవి 150 ఉంటే పక్కన పెట్టేయాలి. ఒకే వాక్యం నలుగురి పేర్లతో కనబడినా, ఒకే వారంలో పొగడ్తలు కుప్పగా పడినా వాటినీ తీసేయాలి. ఆన్‌లైన్ రివ్యూల కోసం 2022లో ఐఎస్ 19000 అనే భారతీయ ప్రమాణం వచ్చింది గానీ, మన జల్లెడ మన దగ్గర ఉండాల్సిందే. డెలివరీ ఆలస్యమైందన్న గోలకు గ్రైండర్‌తో సంబంధం లేదు. డ్రమ్ము సొట్టపడి వచ్చిందని వేర్వేరు ఊళ్ల నుంచి పదేపదే రాస్తే మాత్రం వదలకూడదు, అది ప్యాకింగ్ లోపం.

మిగిలిన వాటిలో మూడు నెలలకు పైగా వాడినవాళ్లు రాసినవి విడిగా తీయాలి. అసలు సరుకు అక్కడే ఉంటుంది. మొదటి మోడల్‌కు అలాంటివి 45 దొరికాయనుకోండి, అందులో 14 మంది బెల్టు సాగి రాళ్లు తిరగడం ఆగిపోతోందన్నారు. రెండోదానికి 40 దొరికితే బెల్టు మాట ఎత్తింది ముగ్గురే, డ్రమ్ము బరువు ఎత్తలేకపోతున్నామన్నవాళ్లు 15 మంది. ఒకరు రెండు ఫిర్యాదులు చేస్తే రెండు ఖానాల్లోనూ గీత పడాలి, స్టార్లతో పని లేదు.

దీన్ని పట్టుకుని 'నూటికి 31 గ్రైండర్ల బెల్టు పాడవుతుంది' అని మాత్రం రాయకూడదు. బాగా తిరుగుతున్నంతకాలం రివ్యూ రాసే ఓపిక ఎవరికి ఉంటుంది? ఇద్దరినీ ఒకే జల్లెడతో వడకట్టాం కాబట్టి, బెల్టు గొడవ మొదటిదానికే ఎక్కువగా కనిపిస్తోందని చెప్పొచ్చు. అంతే.

చప్పుడు సంగతి ఇంకో తికమక. మిక్సీ నుంచి మారినవాళ్లు 'నిశ్శబ్దంగా ఉంది' అంటారు, పాత పెద్ద గ్రైండర్ వాడినవాళ్లు 'ఇంత రొదా!' అంటారు. అలాంటిదాన్ని మంచిలోనో చెడులోనో వేయకుండా, ఎవరు ఏమన్నారో చెప్పి వదిలేయడం నయం.

ఇక తీర్పు. వారానికి రెండుసార్లు రుబ్బే ఇంటికి రెండోదే. డ్రమ్ము ఎత్తి కడగడం కష్టమయ్యే పెద్దవాళ్లకు మొదటిది, అదీ ఊళ్లో బెల్టు మార్చే మెకానిక్ ఉంటేనే.