చిరునామా మారినా చరిత్ర చెరగకుండా

డేటా వేర్‌హౌస్‌లో కస్టమర్ వివరాలుండే పట్టికను డైమెన్షన్ అంటారు. ఆ వివరాలు రోజూ మారవు, ఎప్పుడో ఒకసారి మారతాయి. 501వ నంబరు కస్టమర్ 2024 జూన్ 10న విజయవాడ నుంచి హైదరాబాద్‌కు మారారనుకుందాం. పాత ఊరి స్థానంలో కొత్తది రాసేయడం రాల్ఫ్ కింబల్ వర్గీకరణలో టైప్ 1. అలా చేస్తే ఆయన విజయవాడలో ఉన్నప్పటి కొనుగోళ్లన్నీ హైదరాబాద్ లెక్కలోకి వెళ్లిపోతాయి, పాత నివేదికతో కొత్తది కలవదు. అక్షరదోషాలు దిద్దడానికే ఈ పద్ధతి మేలు.

టైప్ 2లో పాత వరుసను చెరపరు. దానికి జూన్ 10ని ముగింపు తేదీగా వేసి, అదే రోజు మొదలయ్యే కొత్త వరుసను చేరుస్తారు. రెండింటిలోనూ కస్టమర్ నంబరు 501 మారదు. వేర్‌హౌస్ ఇచ్చే సొంత కీ మాత్రం పాత వరుసకు 17, కొత్తదానికి 88. మే అమ్మకం 17తో, జులై అమ్మకం 88తో ముడిపడి ఉంటాయి.

చిక్కంతా సరిహద్దు రోజుతోనే. ముగింపు తేదీని పాత వరుసలో కలపకూడదు. కలిపితే జూన్ 10 రెండు వరుసలకూ చెంది, తేదీని బట్టి జతచేసినప్పుడు ఆనాటి అమ్మకం రెండుసార్లు లెక్కకొస్తుంది. ఏ తేదీకైనా ఒక్కో కస్టమర్‌కు ఒకే వరుస దొరుకుతోందా అని చూస్తే ఈ తప్పు బయటపడుతుంది. కస్టమర్లు ఎందరో తెలియాలంటే వరుసలను కాదు, వేర్వేరు కస్టమర్ నంబర్లను లెక్కించాలి.