‘మా ఆరెంజ్’ అంటే ఏ ఆరెంజ్?

ఓ క్లయింట్ యాప్ కోసం బ్రాండ్ గైడ్‌లైన్స్ పీడీఎఫ్ పంపారు. చూడ్డానికి భలే ఉంది. కోడ్ రాద్దామని కూర్చున్నాకే చిక్కొచ్చింది.

రంగు దగ్గర ‘మా ఆరెంజ్’ అని మాత్రమే ఉంది. కలర్ పికర్ పెడితే నాకు #F47B20 వచ్చింది, పక్క సీటు ఫ్రెండ్‌కి #F58634. ఆ ఫైల్ ప్రింట్ కోసం సీఎంవైకేలో చేసింది. దాన్ని ఒక్కో సాఫ్ట్‌వేర్ స్క్రీన్ మీద ఒక్కోలా మార్చి చూపిస్తుంది. అందుకే స్క్రీన్‌కి హెక్స్, ప్రింట్‌కి సీఎంవైకే విలువలు విడివిడిగా రాసివ్వమన్నాను.

లోగో చుట్టూ ‘తగినంత ఖాళీ’ వదలాలట. తగినంత అంటే ఎంత? పిక్సెళ్లలో చెప్తే లోగో సైజు మారగానే ఆ లెక్క పనికిరాదు. లోగోలోని ఓ అక్షరం ఎత్తునే కొలతగా పెట్టమన్నాను. లోగో ఎత్తు 40 పిక్సెళ్లు, అక్షరం 16 అయితే నాలుగు వైపులా 16 ఖాళీ. లోగో రెట్టింపైతే ఖాళీ కూడా 32 అవుతుంది.

ఇక ఏం చేయకూడదో చెప్పే పేజీయే లేదు. డార్క్ మోడ్‌లో కనబడట్లేదని మా టీమ్‌లో ఒకరు లోగోని తెల్లగా మార్చేశారు. తప్పు అందామంటే రూల్ ఏది? ‘రంగు మార్చొద్దు, సాగదీయొద్దు’ అని తప్పుడు బొమ్మలతో సహా చూపించాలి. డార్క్ మోడ్‌కి వేరే లోగో కూడా ఇవ్వాలి. లేకపోతే ఆ రూల్‌ని ఎవరూ పాటించలేరు.

ఇప్పుడు నా పరీక్ష ఒకటే. ఆ పీడీఎఫ్ చదివి ఇద్దరు విడివిడిగా చేస్తే ఒకే స్క్రీన్ రావాలి. రాలేదంటే రూల్ ఎక్కడో మిస్సయినట్టే.