గోరంత అట్ట

మా బాబాయ్ గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో ముప్ఫై ఏళ్ళకు పైగా గుమాస్తాగా చేసి, రిటైరయ్యాక నవల రాశాడు. పేరు ‘పదకొండో టిక్కీ’. యార్డులో ఎండుమిర్చి బస్తాని టిక్కీ అంటారు. ఒక్కోటి 40 కిలోల పైచిలుకు తూగుతుంది. ఒక రైతు రాత్రి పది టిక్కీలు దించుకుని వాటి పక్కనే పడుకుంటాడు. తెల్లారి లెక్కపెడితే పదకొండు ఉంటాయి. అక్కడ మొదలవుతుంది కథ.

నేను విజయవాడలో పుస్తకాలకు పేజీలు కట్టే పని చేస్తాను, అట్టలూ వేస్తాను. బాబాయ్ తనకు తెలిసిన ఒక చిత్రకారుడి చేత అట్ట నమూనా గీయించి, వాట్సాప్‌లో పంపి, “అమ్మాయ్, ప్రెస్సుకి ఇచ్చేముందు ఒకసారి చూసి చెప్పు” అన్నాడు.

బొమ్మ చూడముచ్చటగా ఉంది. నీటిరంగుల్లో ఎర్రటి మిర్చి కల్లం, తలకు గుడ్డ చుట్టుకుని కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు, దూరంగా తాటిచెట్లు. పైన బాపు గారి చేతిరాత పోలిన సన్నటి అక్షరాల్లో, ఒకే వరసలో, ఎర్రరంగులో పుస్తకం పేరు. దాని కింద ‘నవల’. అడుగున బాబాయ్ పేరు, దానికింకా కింద ఇద్దరు మిత్రులు రాసిన మెచ్చుకోలు వాక్యాలు. “బాగుంది బాబాయ్” అనేస్తే ఇద్దరం హాయిగా ఉండేవాళ్ళం. కానీ బాగుందా లేదా అని అడిగితే బొమ్మ గురించి జవాబు వస్తుందే తప్ప అట్ట గురించి రాదు. ఎదటివాడు మొహమాటానికి బాగుందనే అంటాడు కూడా.

నేనెప్పుడూ చేసేది ఇంకో పని. అట్టని ఫోన్లో తెరిచి ఎవరికైనా నాలుగైదు సెకన్లు చూపించి, ఫోన్ వెనక్కి తీసేసుకుని, “ఇది ఎలాంటి పుస్తకం?” అని అడుగుతాను. కథ ముందు చెప్పకూడదు, పేరు చదివి వినిపించకూడదు. ఈసారి ముగ్గురికి చూపించాను. ప్రెస్సులో బైండింగ్ చేసే ఆయన “పల్లెటూరి కథలండీ” అన్నాడు. రోజూ లైబ్రరీకి వెళ్ళే పక్కవాటా మాస్టారు “రైతుల కష్టాల మీద ఏదో” అన్నారు. క్రైమ్ నవలలు తప్ప మరోటి ముట్టని మేడమీది అమ్మాయి “మిర్చి సాగు గురించా ఆంటీ?” అంది. శవం సంగతి ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ఆ నవల కొనాల్సిన మనిషి ముగ్గురిలోకీ మేడమీది అమ్మాయే.

బొమ్మలో తప్పేమీ లేదు, అది వేరే పుస్తకానికి అట్ట. తెలుగు పాఠకుడి కంటికి కొన్ని అలవాట్లున్నాయి. బాపు రాత కనిపిస్తే మనసు హాస్యం వైపో, చిన్ననాటి ఊరి ముచ్చట్ల వైపో పోతుంది. ఆ ఫాంటు శుభలేఖల మీదికీ పచ్చళ్ళ సీసాల మీదికీ ఎక్కాక ఆ ముద్ర మరీ గట్టిపడింది. నీటిరంగుల పల్లె కనిపిస్తే కథా సంపుటి అనుకుంటాం. ఎర్ర నేపథ్యం మీద మోటు నల్లక్షరాలు ఉంటే ఉద్యమ సాహిత్యమనుకుంటాం. ఇంగ్లీషు థ్రిల్లర్ల అట్టలు చూసి ఎరుపూ నలుపూ వాడితే నెత్తురు గుర్తొస్తుందనుకునే కుర్ర డిజైనర్లు మన దగ్గర ఇక్కడే బోల్తా పడుతుంటారు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదివిన తరానికి అపరాధ పరిశోధన అంటే పిస్తోలు, బెదిరిన ఆడముఖం. ఆ గుర్తులు ఇప్పుడు పెడితే పాత పుస్తకం మళ్ళీ అచ్చేశారనుకుంటారు. ఇప్పటి తెలుగు క్రైమ్ నవలకి ఇదీ గుర్తు అని అందరూ ఒప్పుకున్నదేదీ లేదు. సినిమా పోస్టర్ల నుంచి అప్పు తెచ్చుకుంటున్నాం.

రెండో చిక్కు పేరు దగ్గర. ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి. బాబాయ్ పుస్తకం డెమ్మీ సైజు. అంటే అట్ట వెడల్పు అయిదున్నర అంగుళాలు, సుమారు 140 మిల్లీమీటర్లు. ఆన్‌లైన్ దుకాణంలో వెతికినప్పుడు ఫోన్ తెర మీద అదే అట్ట దాదాపు 20 మిల్లీమీటర్ల వెడల్పున కనిపిస్తుంది. థంబ్‌నెయిల్ అన్న మాట ఊరికే రాలేదు, నిజంగా బొటనవేలి గోరంతే. అంటే ఏడో వంతుకి కుదించుకుపోయింది. నమూనాలో పేరు అక్షరాల ఎత్తు పైన గుడి నుంచి కింద ఒత్తు దాకా కలిపి 14 మిల్లీమీటర్లు. ఫోన్లో అది 2 మిల్లీమీటర్లు. 5 మిల్లీమీటర్లున్న బాబాయ్ పేరు 1 మిల్లీమీటరు కూడా లేదు. మిత్రుల వాక్యాలు చీమల బారు.

ఇంగ్లీషు పెద్దక్షరాలకి ఆ రెండు మిల్లీమీటర్లూ అక్షరానికే దక్కుతాయి. మనకి అలా కాదు. పైన గుడీ ఏత్వమూ, కింద ఒత్తూ వాటా అడుగుతాయి. నడిమి అక్షరానికి మిగిలేది సగం. పైగా మన అక్షరాల్లో తేడాలు చిన్నచిన్న చోట్ల దాక్కుని ఉంటాయి. ప-కీ వ-కీ తేడా తలకట్టు దగ్గరి సన్నటి ఖాళీ. ద-కీ ధ-కీ తేడా కింద ఒక పుల్ల. కుదించినప్పుడు ముందు పోయేవి ఇవే. ఖాళీలు పూడిపోతాయి, గీతలు కరిగిపోతాయి. అట్టని కంప్యూటర్లో 100 పిక్సెళ్ళ వెడల్పుకి కుదించి, ఆ ఫైలు నా ఫోన్లోకి పంపుకుని, పక్కన కూర్చున్న మాస్టారిని చదవమన్నాను. కళ్ళజోడు సర్దుకుని, కాసేపు చూసి, “వధ... కొండ...” అని ఆగారు. ప కాస్తా వ అయింది. ద పక్కన ఎండుమిర్చి తొడిమ ఒకటి గీసి ఉంది, అది ధ-కి పుల్లలా అతుక్కుంది. ఓత్వం ఎటో పోయింది. క్రైమ్ నవలకి ‘వధకొండ’ మంచి పేరే అని నవ్వుకున్నాం గానీ, దుకాణంలో వెతికేవాడికి ఆ పేరుతో పుస్తకం దొరకదు.

కాబట్టి మొదట పేరుని రెండు వరసలు చేశాను. ఒకే వరసలో ఆరు అక్షరాలూ మధ్యలో ఖాళీ ఇరుక్కుని ఉన్నాయి. విడదీస్తే పై వరసలో ‘పదకొండో’ అని నాలుగే. అదే వెడల్పులో అక్షరం ఒకటిన్నర రెట్లు దాటి పెరిగింది. ఇందులో ఒక అదృష్టం కలిసొచ్చింది. ‘పదకొండో’కి కింద ఒత్తులు లేవు, అందుకని ‘టిక్కీ’ని బాగా పైకి జరపగలిగాను. వరసలు తారుమారైతే టిక్కీలోని క ఒత్తు వెళ్ళి డో నెత్తి మీద కూర్చునేది. తెలుగు పేరుని రెండు వరసలు చేసేవాళ్ళు పై వరసలో ఒత్తులెన్ని, కింది వరసలో గుడులెన్ని అని ముందే చూసుకుంటే సగం పని తప్పుతుంది. తర్వాత సన్నటి రాత తీసేసి మందపాటి ఫాంటు పెట్టాను. అయితే మరీ మందం కూడా పనికిరాదు. రామభద్ర లాంటి బండ ఫాంటు పెట్టి చూస్తే పెద్ద సైజులో దిట్టంగా ఉంది, గోరంత చేయగానే సున్నలు పూడుకుపోయాయి. కడుపులో గాలి ఉన్న అక్షరం కావాలి. మందం, ఖాళీ రెండూ సరిపోయిన ఫాంటు దొరికేదాకా కుదించి చూడటమే మార్గం.

బొమ్మ మార్చాలంటే బాబాయ్ ముందు ఒప్పుకోలేదు. “కల్లం లేకపోతే అది యార్డు కథని ఎలా తెలుస్తుందే?” అన్నాడు. అరగంట వాదించుకున్నాక తేలిందేమిటంటే, నవల సగం యార్డు బతుకుల గురించి, సగం శవం గురించి. ఏది ముందో ఆయనకే తేలలేదు. చివరికి “చదివేవాణ్ణి చివరిదాకా లాక్కెళ్ళేది హత్యేలే” అని ఒప్పుకున్నాడు. అట్ట మీద పంచాయితీ అనుకున్నది చాలాసార్లు పుస్తకం మీద పంచాయితీ అయి కూర్చుంటుంది.

రెండో నమూనాలో మనుషులు లేరు, కల్లం లేదు. చీకటి గోడౌన్లో ఒకే ఒక్క గోనె టిక్కీ, మీద ఒక బల్బు వెలుతురు. ఆడవాళ్ళు, తాటిచెట్లు, కాయలు గోరంతలో ఎర్రటి మరకగా కలిసిపోయేవి. ఒక్క వస్తువైతే నిలుస్తుంది. అక్షరాలకి మిర్చి ఎరుపే ఉంచుదామన్నాడు బాబాయ్. అప్పుడు అట్టలో రంగంతా తీసేసి నలుపు తెలుపుల్లో చూపించాను. నల్ల నేపథ్యంలో ఎరుపు బూడిదలా కలిసిపోయి పేరు మాయమైంది. రంగుల్లో వేరుగా కనిపించేవి వెలుగులో దగ్గరదగ్గరగా ఉన్నాయన్నమాట. పసుపు పెట్టి అదే పరీక్ష చేస్తే తెల్లగా వెలిగింది. చాలా కిండిల్ యంత్రాల తెర మీద అట్ట ఎలాగూ నలుపు తెలుపే కాబట్టి ఈ పరీక్షని తప్పించుకోలేం. తెల్ల అట్టకి ఇంకో గండం ఉంది. దుకాణం పేజీ కూడా తెల్లదే కనుక అంచు తెలియదు, అలాంటప్పుడు చుట్టూ సన్నటి బూడిద గీత గీయాలి. మాది నలుపు కనుక ఆ బెడద లేదు. కానీ ఫోన్ని చీకటి రంగులో పెట్టుకునేవాళ్ళకి మాకూ అదే గండం వస్తుందని, గోనె మీది వెలుతురుని ఒక పక్క అంచుదాకా పారించాను.

మళ్ళీ ముగ్గురికి చూపించాను. పాతవాళ్ళకి కాదు, వాళ్ళకి కథ తెలిసిపోయింది. ఇద్దరు “దెయ్యాల కథ” అన్నారు! చీకటి, ఒంటరి బల్బు, పసుపు అక్షరాలు. నాకు క్రైమ్, వాళ్ళకి హారర్. నిజం చెప్పాలంటే మొదటి అట్టకన్నా ఈ తప్పే ఎక్కువ బాధపెట్టింది. శవం వరకూ నమ్మించాను, దర్యాప్తు మాత్రం కనపడలేదు. రెండు రోజులు తిప్పలు పడ్డాక జవాబు బాబాయ్ దగ్గరే దొరికింది. గోనె మూతి కుట్టిన పురికొసకి లాట్ చీటీ ఒకటి వేలాడదీయమన్నాడు. “చీటీ లేకుండా టిక్కీ కదిల్తే గుమాస్తా ఉద్యోగం పోద్ది” అన్నాడు. చీటీ రాగానే అది ఎవరో నంబరేసి పెట్టుకున్న సాక్ష్యంలా కనిపించింది. చీటీ మీద 11 అని అంకెల్లో రాయించాను. గోరంత చేసి చూస్తే చిత్రంగా అట్ట మొత్తంలో అందరికన్నా ముందు కనిపించింది అదే. రెండు నిలువు గీతలు, ఒత్తు లేదు, గుణింతం లేదు, పోవడానికి ఏమీ లేదు.

మూడోసారి మేడమీది అమ్మాయి స్నేహితురాలికి చూపించి ఫోన్ వెనక్కి తీసుకున్నాను. “మర్డరా? ఆ బస్తాలో ఉన్నదెవరు?” అంది. ఆ మాట బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పాను. సంతోషించాడు. కాసేపాగి, “అంతా బానే ఉంది గానీ అమ్మాయ్, ఆ గోరంత బొమ్మలో నా పేరు కనపడ్డంలా” అన్నాడు. కనపడదు బాబాయ్, పక్కన దుకాణంవాళ్ళు అక్షరాల్లో విడిగా వేస్తారు అని ఎంత చెప్పినా వినలేదు. చివరికి మిత్రుల వాక్యాలు రెండూ వెనకట్టకి పంపించి, ఆ జాగాలో ఆయన పేరుని 5 మిల్లీమీటర్ల నుంచి 9కి పెంచాను. ఫోన్లో ఇప్పటికీ కష్టపడి చదవాలి. పుస్తకాల పండగలో బల్ల మీద పెట్టినప్పుడు మాత్రం నాలుగడుగుల దూరం నుంచి చక్కగా కనిపిస్తుంది.